మెట్ల కింద తలుపు: రెండర్ పట్టించిన తప్పు

ఆర్కిటెక్చర్ చదువుతున్న మా చెల్లెలు ఇంటి నమూనాలో మెట్ల మధ్య చప్టా కింద నుంచి పెరట్లోకి దారి పెట్టింది. ప్లానులో అంతా చక్కగానే ఉంది. త్రీడీ నమూనా చిత్రాన్ని ఏఐ సాధనానికి ఇచ్చి అసలు ఫొటోలా కనిపించేలా రెండర్ చేయిస్తే, ఆ తలుపు మరుగుజ్జుగా, పక్కన నిలబడిన మనిషి భుజం దాకానే వచ్చింది. సాధనం పొరబడిందనుకుని మూడుసార్లు మళ్లీ చేయించింది. తలుపు పెరగలేదు.

అప్పుడు లెక్క వేసింది. అంతస్తు ఎత్తు 3 మీటర్లు, 150 మి.మీ. మెట్లు 20. పదో మెట్టు దగ్గర చప్టా 1.5 మీటర్ల ఎత్తులో ఉంటుంది. స్లాబు మందం 150 మి.మీ. తీసేస్తే కింద మిగిలేది 1.35 మీటర్లే! చప్టా కింద దారికి జాతీయ భవన నియమావళి కనీసం 2.2 మీటర్లు అడుగుతుంది. ప్లాను పైనుంచి చూసే చిత్రం కాబట్టి ఈ లోటు అందులో కనబడదు. చివరకు తలుపును పక్క గోడకు మార్చింది.

అందుకే రెండర్‌కు ముందు నమూనాలో 1.7 మీటర్ల మనిషి బొమ్మను మెట్ల కింద, తలుపుల దగ్గర నిలబెట్టండి. తేడా కనిపిస్తే అక్కడే ఇంటిని నిలువుగా కోసినట్టు చూపే సెక్షన్ గీసి కొలవండి. ఏఐ చిత్రం మీద మాత్రం కొలతలు తీయకండి. అది తప్పును అందంగా కప్పేయనూ గలదు.