రివ్యూ ఛానెల్ పాఠాలు – 4: శుక్రవారం ఎగసి సోమవారం పడే వ్యూస్‌ని లెక్కపెట్టడం

పోయిన పాఠం చివర్లో ఒక పని చెప్పాను, ఏదో ఒక శుక్రవారం సినిమాకి రివ్యూ పెట్టి దానికొచ్చే వ్యూస్‌ని గంట గంటకీ నోట్‌బుక్‌లో రాసుకోమని. రాసినవాళ్లు ఆ పేజీ పక్కన పెట్టుకోండి, ఈ పాఠమంతా దాని మీదే. రాయనివాళ్లు నేను చెప్పే అంకెలతో నేర్చుకోండి, వచ్చే శుక్రవారం మాత్రం తప్పకుండా రాయండి.

ముందు ఒక తేడా పట్టుకోవాలి. సినిమా విడుదలైన వారంలో మన దగ్గరకి రెండు రకాల జనం వస్తారు. మొదటి రకం సినిమా ఇంకా చూడనివాళ్లు: టికెట్ తీయాలా వద్దా, ఇంట్లోవాళ్లని తీసుకెళ్లొచ్చా, అంతే వాళ్లకి కావాల్సింది. రెండో రకం చూసేసి వచ్చినవాళ్లు. క్లైమాక్స్‌లో అలా ఎందుకు చేశారు, ఆ పాత్ర ఏమైంది అని మాట్లాడుకోవాలని వాళ్లకి ఉంటుంది. మొదటి రకం శుక్రవారం ఎక్కువ, తర్వాత రోజురోజుకీ తగ్గుతారు. రెండో రకం శుక్రవారం చాలా తక్కువ, ఒక్కో షో వదిలేకొద్దీ పెరుగుతూ పోతారు. చాలామంది కొత్త ఛానెల్‌వాళ్లు చేసే పొరపాటేంటంటే, శుక్రవారం ఒక వీడియోలోనే ఇద్దరికీ సరిపడా అంతా చెప్పేసి, ఆదివారం వచ్చే రెండో రకానికి చేతిలో ఏమీ లేకుండా కూర్చోవడం.

ఇప్పుడు మొదటి రోజు గడియారం చూద్దాం. అమెరికాలో ప్రీమియర్లు ఉన్న సినిమా అయితే టాక్ మనకన్నా ముందే బయటికొస్తుంది. ఎండాకాలంలో డల్లాస్‌లో గురువారం సాయంత్రం 6 గంటల షో అంటే మనకి శుక్రవారం తెల్లవారుజామున 4:30. సినిమా 2 గంటల 40 నిమిషాలు అనుకుంటే, మనం పళ్లు తోముకునే వేళకి, సుమారు 7:10కి, అక్కడివాళ్లు బయటికొచ్చి మెసేజ్‌లు పెడుతుంటారు. చలికాలంలో వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి అది 8:10 అవుతుంది. ఆ తొలి పరుగులో మీరు గెలవలేరు, గెలవాల్సిన పనీ లేదు. హైదరాబాద్‌లో ఉదయం 8:45 షో చూసే మనిషి ఇంటర్వెల్‌తో కలిపి బయటపడేసరికి 11:45 అవుతుంది, రికార్డింగ్, ఎడిటింగ్ పూర్తయ్యేసరికి మధ్యాహ్నం 1:30. ఫస్ట్ హాఫ్ చూసి ఇంటర్వెల్‌లోనే వీడియో వదిలేవాళ్లని చూసి టెన్షన్ పడకండి. సగం సినిమా చూసి చెప్పిన మాట సాయంత్రానికి తప్పైతే ఆ కామెంట్లు ఆ వీడియో కింద ఎప్పటికీ ఉంటాయి.

మనం అందుకోవాల్సింది రాత్రి కెరటం. ఆఫీసు నుంచి ఇంటికొచ్చి, శని, ఆదివారాలకి టికెట్లు చూసుకునే సమయం అది. నా ఛానెల్‌లో ఇన్నేళ్లుగా శుక్రవారం ఎత్తైన గంట ఎప్పుడూ రాత్రి 8కీ 10కీ మధ్యే పడింది. మీది వేరేగా ఉండొచ్చు, అందుకే నోట్‌బుక్. ఆ గంటకి కనీసం రెండు గంటల ముందే వీడియో పబ్లిక్ అయి ఉండాలి. ఎందుకంటే వీడియో ఎక్కిన వెంటనే అది తక్కువ క్వాలిటీలోనే కనబడుతుంది, హెచ్‌డీ తయారవడానికి ఇంకా సమయం పడుతుంది, ఫైల్ పెద్దదైతే మరీను. నేనొకసారి సాయంత్రం 7:30కి 4కే ఫైల్ ఎక్కించి అలాగే పబ్లిక్ చేశాను. సరిగ్గా జనం వచ్చే వేళకి మొహం మసకగా ఉంది, సగం కామెంట్లు సినిమా గురించి కాదు, క్వాలిటీ గురించి. అప్పటినుంచి 1080లోనే, ముందు Private‌గా ఎక్కించి, Checks దగ్గర కాపీరైట్ ఏమీ రాలేదని, హెచ్‌డీ వచ్చిందని చూసుకున్నాకే పబ్లిక్ చేస్తాను. ట్రైలర్ ముక్కో పాట ముక్కో పెట్టి ఉంటే ఆ అడ్డం అక్కడే బయటపడుతుంది, కోసేసి మళ్లీ ఎక్కించడానికి టైం ఉంటుంది.

సరే, అసలు పాఠానికి వద్దాం: పడిపోవడాన్ని కొలవడం.

యూట్యూబ్ స్టూడియోలో Realtime దగ్గర ఆ ఒక్క వీడియోని తెరవండి. ఛానెల్ మొత్తం అంకె వద్దు, దాంట్లో పాత వీడియోల వ్యూస్ కూడా కలిసిపోతాయి. అక్కడ గత 48 గంటలు గంటల వారీగా కనబడతాయి. అంటే శుక్రవారం రాత్రి అంకె ఆదివారం రాత్రికి ఆ కార్డులోంచి జారిపోతుంది, కాబట్టి ఆ రోజే రాసుకోవాలి. ఇక్కడ అందరూ కంగారుపడే చోటు ఒకటుంది. రాత్రి 9కి గంటకి 4,000 ఉన్నది తెల్లవారి 4కి 300 అవుతుంది, వీడియో చచ్చిపోయింది అనుకుని పొద్దున్నే లేచి టైటిల్ మార్చేస్తారు. అది పడిపోవడం కాదు, జనం నిద్రపోవడం. రాత్రి 9ని మరుసటి రాత్రి 9తోనే పోల్చాలి, ఇంకే గంటతోనూ కాదు.

లెక్క సులువుగా ఉండే అంకెలు తీసుకుందాం. శుక్రవారం రాత్రి 8 నుంచి 9 వరకు 4,000. శనివారం అదే గంటలో 2,400. భాగిస్తే 0.6. దీన్ని మనం నిలుపుదల అందాం. రోజుకి నూటికి అరవై మంది నిలిచారని అర్థం. ఇప్పుడు శనివారం మొత్తం వ్యూస్ 30,000 అనుకుంటే, నిలుపుదల 0.6 చొప్పునే సాగితే ఇక మీదట రాబోయే మొత్తం ఎంతో ఇలా తెలుస్తుంది:

```
రాబోయేవి = ఈరోజు వ్యూస్ × నిలుపుదల ÷ (1 − నిలుపుదల)
30,000 × 0.6 ÷ 0.4 = 45,000
```

ఆదివారం ఆ లెక్క ప్రకారమే 18,000 వచ్చాయనుకోండి. అదే 0.6తో చూస్తే ఇంకా 27,000 రావాలి. కానీ రావు. ఎందుకంటే ముందు సోమవారం ఉంది. థియేటర్ ఖాళీ అయ్యే రోజునే మన వీడియో కూడా ఖాళీ అవుతుంది, టికెట్ తీసే ఆలోచన లేనివాడికి రివ్యూతో పని లేదు కదా. సోమవారం నిలుపుదల 0.4కి పడిందనుకుంటే ఆ రోజు 7,200, తర్వాతవి కూడా కలుపుకుని మిగిలింది మొత్తం 12,000 మాత్రమే. 27,000కీ 12,000కీ మధ్య తేడానే, సినిమా చూసేసినవాళ్ల కోసం చేసే రెండో వీడియో ఎప్పుడు పెట్టాలో చెబుతుంది. ఒక హద్దు కూడా గుర్తుంచుకోండి. ఈ సూత్రం మొదటి వారానికే. ఆ తర్వాత వ్యూస్ సున్నాకి పోవు, రోజుకి కొన్ని చొప్పున చాలాకాలం కారుతూనే ఉంటాయి, వాటికి ఈ లెక్క పనికిరాదు.

నిలుపుదల తక్కువ వస్తే తప్పు సినిమాదా మీదా అన్నది ఎలా తెలుస్తుంది? గూగుల్ ట్రెండ్స్ తెరిచి, దేశం ఇండియా, కాలం గత 7 రోజులు, వెతికే చోటు YouTube Search అని పెట్టి, సినిమా పేరు పక్కన `review` అని టైప్ చేసి చూడండి. ఏడు రోజులకి పెడితే గీత గంటల వారీగా వస్తుంది. చిన్న సినిమాలకి గీతే రాకపోవచ్చు, అప్పుడు పేరొక్కటే వేయండి. శుక్రవారం 9కి ఆ గీత 100 దగ్గర, శనివారం 9కి 60 దగ్గర ఉందంటే జనమే ఆ సినిమా గురించి వెతకడం మానేస్తున్నారు, మీరు చేయగలిగింది లేదు. గీత 85 దగ్గర నిలిచి, మీ వీడియో మాత్రం 0.6కి పడితే, జనం వెతుకుతున్నారు కానీ ఇంకొకరిది నొక్కుతున్నారు. థంబ్‌నెయిల్ మార్చాల్సింది అప్పుడే, తెల్లవారి 4 అంకె చూసి కాదు.

ఇక రెండో వీడియో, అంటే స్పాయిలర్లతో మాట్లాడే వీడియో. నేను శనివారం రాత్రి 9 దాటాక నిలుపుదల చూసి నిర్ణయిస్తాను. 0.6 దగ్గర ఉంటే ఆదివారం ఉదయం 10కి వదులుతాను, శనివారం సెకండ్ షో చూసి ఆలస్యంగా లేచినవాళ్లు అప్పటికి ఫోన్ పట్టుకుంటారు, ఆదివారం రోజంతా చేతిలో ఉంటుంది. 0.75 పైన ఉంటే మౌత్ టాక్ పనిచేస్తోందని అర్థం, చూసినవాళ్ల సంఖ్య ఇంకా పెరుగుతుంది, తొందరపడకుండా ఆదివారం సాయంత్రం 6కి పెట్టి, సోమవారం ఇంకొకటి కూడా ఆలోచించొచ్చు. 0.5 కన్నా తక్కువ ఉంటే రెండో వీడియో అసలు వద్దు. మనకి ఎంత ఇష్టమైన సినిమా అయినా సరే, ఆ ఆదివారం వచ్చే వారం సినిమాకి దాచుకోవడం మంచిది. ఇవి నా ఛానెల్‌లో కుదిరిన గీతలు, మీ నోట్‌బుక్‌లో నాలుగైదు సినిమాలు నిండాక మీవి మీరు గీసుకోండి.

శుక్రవారం నుంచి లెక్కపెట్టడం తప్పయ్యే సందర్భాలూ ఉన్నాయి. 2024 సంక్రాంతి తీసుకోండి. గుంటూరు కారం, హనుమాన్ రెండూ జనవరి 12 శుక్రవారమే వచ్చాయి. కానీ హనుమాన్‌కి 11 సాయంత్రమే పెయిడ్ ప్రీమియర్లు పడ్డాయి. అలాంటప్పుడు ఆ సినిమాకి శుక్రవారం రాత్రి అంటే అప్పటికే రెండో రాత్రి, మిగతా వాటితో పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. అందుకే బుధవారమే టికెట్ యాప్‌లో గురువారం షోలు ఉన్నాయేమో చూడండి. రెండోది, ఆ ఏడాది సోమవారం 15 సంక్రాంతి, మంగళవారం కనుమ. మామూలుగా సోమవారం పడాల్సిన గోడ బుధవారం 17కి జరుగుతుంది. పండగ వారంలో 0.4 లెక్క సోమవారానికి వేసి రెండో వీడియో ముందే తోసేస్తే, మూడు రోజుల సెలవు జనాన్ని పోగొట్టుకున్నట్టే. పైగా 13న, 14న ఇంకో రెండు తెలుగు సినిమాలు వచ్చాయి. నాలుగింటికీ పరిగెత్తే ఒంటరి మనిషి దేనికీ రాత్రి కెరటాన్ని అందుకోలేడు. రెండు ఎంచుకుని, వాటికి రెండేసి వీడియోలు వేయమనే చెబుతాను.

ఆ రెండు సినిమాల దారి తర్వాత కూడా వేరైంది. గుంటూరు కారం సరిగ్గా 28 రోజులకి, ఫిబ్రవరి 9న ఓటీటీకి వచ్చింది. హనుమాన్ తెలుగులో మార్చి 17 దాకా రాలేదు. థియేటర్లో ఎక్కువ నిలిచిన సినిమాకి రెండో కెరటం ఆలస్యంగా వస్తుంది, అప్పుడు పాత రివ్యూకే మళ్లీ ప్రాణం పోయొచ్చా, కొత్తది చేయాలా అన్నది అయిదో పాఠం.

అప్పటిదాకా మీ పని: ఈ శుక్రవారం సినిమాకి రాత్రి 8 నుంచి 9 వరకు వ్యూస్, శుక్ర, శని, ఆది, సోమ, నాలుగు అంకెలే రాయండి. పక్కనే ట్రెండ్స్ గీతలో అదే గంటల అంకెలు నాలుగు. ఆదివారం రాత్రి, సోమవారం అంకె రాకముందే, మీ అంచనా పెన్సిల్‌తో రాసి, మంగళవారం పొద్దున ఎంత తేడా వచ్చిందో దాని కింద పెన్నుతో రాయండి.