పాత డబ్బా టీవీని ముక్కలు చేయనివ్వకండి

వెనుక బొర్రలా ఉబ్బిన పాత టీవీని వదిలించుకోవాలంటే ముందుగా ఒక్కటి గుర్తుంచుకోండి: దాన్ని ఎవరూ మీ గుమ్మంలో విప్పకూడదు. పాత సామాను కొనేవాళ్లకు కావలసింది పిక్చర్ ట్యూబు మెడకు చుట్టి ఉండే రాగి తీగ. అది లాగేస్తే మెడ విరుగుతుంది, మిగిలిన గాజును ఏ చెత్తకుప్పలోనో పడేస్తారు. ఆ గాజులో, ముఖ్యంగా వెనుక గరాటు భాగంలో, సీసం ఉంటుంది. పైగా ట్యూబు లోపల గాలి ఉండదు కాబట్టి దెబ్బ తగిలితే పెంకులు ఎగిరిపడతాయి.

ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి ముందే ఫోన్ చేసి, పిక్చర్ ట్యూబు టీవీ తీసుకుంటారా, రుసుము ఉందా అని అడగండి. ఆ గాజుకు గిరాకీ తక్కువ కనుక కొన్నిచోట్ల ఎదురు డబ్బు అడుగుతారు. అది మోసం కాదు. పగిలినదైతే తీసుకోకపోవచ్చు. కొత్త టీవీ కొంటుంటే, పాతది పట్టుకెళ్తారేమో ఆ దుకాణంలోనే అడగండి. ఇచ్చాక రసీదు తీసుకోండి.

పలుచని టీవీ, అదీ పనిచేస్తుంటే, దానమే మేలు. రిమోట్, తీగ కలిపి ఇవ్వండి. స్మార్ట్ టీవీ అయితే సెట్టింగ్స్‌లో ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, లేకపోతే మీ ఖాతాలు కూడా దానంగా వెళ్తాయి.