ఐదు నిమిషాల ప్రసంగాన్ని ఐదు నిమిషాల్లోనే ముగించడం ఎలా?

సభలో మాట్లాడమని పిలిచి ఐదు నిమిషాలు ఇస్తారు. కాగితం మీద రాసుకున్నది రెండు పేజీలే కదా, సరిపోతుందిలే అనుకుంటాం. తీరా మైకు ముందు నిలబడ్డాక ఒకటిన్నర పేజీ దగ్గరే గంట కొడతారు. చెప్పాల్సిన అసలు మాటేమో ఆఖరి పేరాలో ఉండిపోతుంది. పేజీలను బట్టి సమయం లెక్కగట్టడం వల్ల వచ్చే ఇబ్బంది ఇది. చేతిరాత పెద్దదైతే రెండు పేజీలు మూడు నిమిషాల్లో అయిపోవచ్చు, చిన్నదైతే ఏడు నిమిషాలు పట్టొచ్చు. నమ్మదగిన కొలత మీ నోటి వేగం ఒక్కటే. నిమిషానికి మీరు ఎన్ని మాటలు చదువుతారో తెలిస్తే, రాసిన దానికి ఎంతసేపు పడుతుందో ముందే తెలిసిపోతుంది.

ఒక ఉదాహరణ పట్టుకుని వెళదాం. నల్లగొండలో ఒక సభ. మర్రిగూడ మండలం నుంచి వచ్చిన డిగ్రీ విద్యార్థిని తమ ఊరి ఫ్లోరైడ్ నీళ్ల గురించి మాట్లాడాలి. సమయం ఐదు నిమిషాలు, నాలుగో నిమిషానికి హెచ్చరిక గంట.

ముందుగా, ఐదు నిమిషాల్లో మీకు నిజంగా మిగిలేది ఎంత?

నిర్వాహకులను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. లెక్క మీ పేరు పిలిచినప్పటి నుంచా, మీరు మొదటి మాట మాట్లాడినప్పటి నుంచా? వెనక వరుసలో కూర్చున్నవాళ్లు వేదిక మీదికి వచ్చి మైకు సర్దుకునే లోపే పదిహేను, ఇరవై సెకన్లు పోతాయి. ఆ తర్వాత సంబోధన. వేదిక మీద ఏడుగురు పెద్దలుంటే, ఒక్కొక్కరి పేరూ హోదా చెప్పి 'గారికి నమస్కారం' అంటూ పోతే అర నిమిషం దాటుతుంది. 'వేదిక మీది పెద్దలందరికీ, సభకు నమస్కారం' అంటే నాలుగైదు సెకన్లలో అయిపోతుంది. అందరి పేర్లూ చెప్పడం అక్కడి మర్యాద అయితే చెప్పండి, కానీ ఆ సమయాన్ని లెక్కలో వేసుకోండి.

మన విద్యార్థిని విషయంలో లెక్క మొదటి మాట నుంచి మొదలవుతుంది. సంబోధనకు 25 సెకన్లు, చివర ఊపిరి ఆడడానికి 15 సెకన్లు పక్కన పెట్టింది. 300 సెకన్లలో 40 పోగా 260 మిగిలాయి. అంటే ఆమె చేతిలో నిజంగా ఉన్నది 4 నిమిషాల 20 సెకన్లు.

అంకెలను నోటితో పలికినట్టే రాయండి

మాటలు లెక్కపెట్టే ముందు చేయాల్సిన పని ఇది. చాలామంది దీన్ని వదిలేస్తారు. కాగితం మీద '1967' ఒక్క మాట. నోటికి వచ్చేసరికి 'పంతొమ్మిది వందల అరవై ఏడు', నాలుగు మాటలు. '1.5 మి.గ్రా./లీ.' అని పొట్టిగా రాసుకున్నది 'లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు' అవుతుంది. సంవత్సరాలు, శాతాలు, పొడి అక్షరాల పేర్లు అన్నీ పలికే రూపంలోకి మార్చి రాస్తే రెండు లాభాలు. లెక్క సరిగ్గా వస్తుంది, చదివేటప్పుడు అంకె ముందు తడబాటు కూడా ఉండదు.

ఆ తర్వాత మాటలు లెక్కపెట్టండి. గూగుల్ డాక్స్‌లో టైపు చేస్తే కంప్యూటర్‌లో Ctrl+Shift+C నొక్కగానే సంఖ్య కనిపిస్తుంది. ఫోన్‌లో అయితే మూడు చుక్కల మెనూలో Word count ఉంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. యంత్రం ఖాళీలను చూసి లెక్కపెడుతుంది. 'చేయవలసి వచ్చింది' అని విడదీసి రాస్తే రెండు మాటలు, 'చేయవలసివచ్చింది' అని కలిపితే ఒకటి. ఏ పద్ధతిలో రాసినా ఫరవాలేదు గానీ, మొత్తం ప్రసంగంలో అదే పద్ధతి ఉండాలి. చేత్తో రాసుకున్నవాళ్లు ప్రతి పేరా పక్కన ఆ పేరా మాటల సంఖ్య వేసుకుంటే సరిపోతుంది.

మీ వేగం కనుక్కోండి

ఇంగ్లిష్ ప్రసంగాలకు నిమిషానికి 130 నుంచి 150 మాటలని చెప్తుంటారు. ఆ అంకెను తెలుగుకు తెచ్చుకోవద్దు. విభక్తులు, క్రియల చివరి భాగాలు మాటలోనే కలిసిపోవడం వల్ల మన మాట పొడుగ్గా ఉంటుంది, పలకడానికి ఎక్కువసేపు పడుతుంది. నేను గమనించినంతలో సభల్లో నిదానంగా చదివేవాళ్లు నిమిషానికి 80 మాటల దగ్గర, కాస్త చురుగ్గా చదివేవాళ్లు 100 దగ్గర ఉంటారు. ఎవరిది వాళ్లు కొలుచుకోవాల్సిందే.

కొలవడానికి మీ ప్రసంగం మొదటి భాగమే వాడండి. పత్రికలోని వార్తో, పాఠ్యపుస్తకంలోని పాఠమో వద్దు, వాటి వాక్యాల నడక వేరు. నిలబడి, చివరి వరుసలోని మనిషికి వినిపించేంత గొంతుతో చదవండి. మనసులో చదివితే లెక్క పూర్తిగా తప్పుతుంది, ఎందుకంటే కళ్లు నోటికంటే చాలా ముందు పరుగెడతాయి. పెదాలు కదుపుతూ గొణిగినా అంతే. పక్కింటివాళ్లు వింటారన్న మొహమాటం ఉంటే డాబా మీదికి వెళ్లండి.

ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చదివాక లెక్క ఇలా:

```
వేగం = మాటలు × 60 ÷ సెకన్లు
```

మన విద్యార్థిని 150 మాటలను 100 సెకన్లలో చదివింది. 150 × 60 ÷ 100 = 90. ఆమె వేగం నిమిషానికి 90 మాటలు. రాసుకున్న ప్రసంగం మొత్తం 520 మాటలు. 520ని 90తో భాగిస్తే దాదాపు 5 నిమిషాల 47 సెకన్లు. ఆమెకున్నది 4 నిమిషాల 20 సెకన్లే. ఆ సమయంలో పట్టేవి 260 × 90 ÷ 60, అంటే 390 మాటలు. కాబట్టి 130 మాటలు తీసేయాలి.

ఇక్కడే చాలామంది 'కొంచెం స్పీడుగా చదివేస్తాలే' అంటారు. అలా చేయొద్దు, దానికో కారణం ఉంది. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. అవునా కాదా అన్నది ఆ చివరి అక్షరాల్లోనే తేలుతుంది. వేగం పెంచితే ముందు మింగేసేది ఆ చివరే. 'ఆ నీళ్లు తాగారు', 'ఆ నీళ్లు తాగలేదు' అన్న రెండింటికీ మధ్య తేడా హాల్లో వెనకవాళ్లకు వినిపించదు. మీ చదువును ఫోన్‌లో రికార్డు చేసి, కాగితం చూడకుండా వినండి. క్రియల చివర్లు అందకపోతే మీరు మీ వేగాన్ని దాటారన్నమాట.

తగ్గించాక మొత్తం మళ్లీ చదవాలి

ఆమె 130 మాటలు తీసేసింది. మండలం చరిత్ర చెప్పే పేరా మొత్తం పోయింది, రెండుసార్లు చెప్పిన విషయాలు ఒకసారికి తగ్గాయి. 390 మాటలు మిగిలాయి. లెక్క ప్రకారం 4 నిమిషాల 20 సెకన్లు పట్టాలి. గొంతెత్తి చదివితే 4 నిమిషాల 38 సెకన్లు పట్టింది. 18 సెకన్లు ఎక్కువ.

ఎక్కడ పోయాయో తెలియాలంటే పేరా పేరాకీ విడిగా సమయం చూడాలి. స్టాప్‌వాచ్‌లో ల్యాప్ నొక్కుతూ పోతే ఒక్క చదువులోనే తెలుస్తుంది. ఆమెకు మిగతా పేరాలన్నీ లెక్కకు దగ్గరగానే వచ్చాయి. ఒక్క పేరా మాత్రం 72 మాటలకు 66 సెకన్లు తీసుకుంది. 90 వేగంతో అది 48 సెకన్లలో అయిపోవాలి. ఎక్కువైన 18 సెకన్లూ అక్కడే ఉన్నాయి. అందులో ఉన్నవన్నీ తేదీలు, పరిమితులు, సంస్థల పేర్లు. అలాంటివి అందరూ ఆగి ఆగి పలుకుతారు, అలా పలకడమే సరైనది. సగటు వేగం అన్ని పేరాలకూ ఒకేలా వర్తించదని చెప్పేది ఇందుకే.

ఆ పేరాలో ఒక వాక్యం ఇది: 'రెండు వేల పదహారు ఆగస్టు ఏడున గజ్వేల్‌లో మిషన్ భగీరథ పథకాన్ని ప్రధానమంత్రి ప్రారంభించారు, ఆ తర్వాత మా ఊళ్లకు కృష్ణా నీళ్లు నల్లాల్లో వచ్చాయి.' 19 మాటలు. దాన్ని 'మిషన్ భగీరథ వచ్చాక కృష్ణా నీళ్లు మా నల్లాల్లోకి వచ్చాయి' అని 8 మాటలకు తెచ్చింది. అదే పేరాలో ఇంకో చోట పటిక, సున్నంతో నీళ్లలోని ఫ్లోరైడ్ తగ్గించే 'నల్లగొండ పద్ధతి' గురించి చెబుతూ, 'జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన' అన్న ఆరు మాటలు చేర్చింది. అవీ పోయాయి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్న మాటను మాత్రం ఉంచుకుంది, అది లేకపోతే తర్వాతి కథకు అర్థం లేదు. మొత్తం 17 మాటలు, ఆ పేరా వేగంతో దాదాపు 16 సెకన్లు తగ్గాయి. మిగిలిన రెండు సెకన్లను చివరి 15 సెకన్ల మిగులు మోస్తుంది.

తేదీ, సంస్థ పేరు తీసేయడానికి మనసొప్పదు, కష్టపడి సేకరించినవి కదా. కానీ వినేవాళ్లు వెనక్కి తిప్పి చదువుకోలేరు. ఒక నిమిషంలో మూడు అంకెలు చెబితే ఒక్కటీ గుర్తుండదు.

మౌనానికీ సమయం పడుతుంది

ఆమె ప్రసంగంలో ఒక అవ్వ మాట ఉంది: 'నీళ్లు మంచిగనే ఉండె బిడ్డా, ఎముకలు వంకర పోతయని ఎవలికెరుక!' ఈ మాట అన్నాక వెంటనే తర్వాతి వాక్యంలోకి దూకకూడదు. రెండు మూడు సెకన్లు ఆగాలి, అప్పుడే సభ దాన్ని అందుకుంటుంది. వర్డ్ కౌంట్‌లో ఆ ఆగడం కనిపించదు. అలా ఆగాల్సిన చోట్ల కాగితం మీద రెండు గీతలు గీసుకుని, ఇంట్లో చదివేటప్పుడు కూడా నిజంగానే ఆగండి. ఇంట్లో ఆగకుండా చదివి, సభలో ఆగితే లెక్క తప్పుతుంది.

సభ రోజుకు కాగితం ఎలా ఉండాలి?

ప్రతి పేరా అంచున, అది పూర్తయ్యేసరికి ఎంత సమయం కావాలో రాసుకోండి, సంబోధన సమయం కలిపి. రెండో పేరా చివర 1:35, మూడో పేరా చివర 2:40, ఇలా. టెన్షన్‌తో ఎక్కువమంది మొదట్లో పరుగెడతారు. రెండో పేరా 1:15కే అయిపోయిందంటే నిదానించాలని ఆ అంకె చెబుతుంది. మైకులో గొంతు ప్రతిధ్వనించే పెద్ద హాల్లో దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. ముందు వాక్యం మోత తగ్గేదాకా ఆగాల్సి వస్తుంది, సమయం మీ చేయి దాటుతుంది.

అందుకే ఒక పేరాను ముందే బ్రాకెట్లలో పెట్టుకోండి. అది వదిలేసినా ముందు పేరా, తర్వాతి పేరా అతుక్కోవాలి. అతుకుతున్నాయో లేదో ఇంట్లోనే ఒకసారి దాన్ని వదిలి చదివి చూసుకోండి. నాలుగో నిమిషం గంట మోగేసరికి మీరు ఎక్కడుండాలో కాగితం మీద ఎర్ర గీత గీసి పెట్టుకోండి. గంట మోగినప్పుడు ఆ గీత దాకా రాకపోతే బ్రాకెట్లలోని పేరా వదిలేసి ముగింపులోకి వెళ్లిపోండి. ముగింపులోని రెండు మూడు వాక్యాలు మాత్రం కాగితం చూడకుండా చెప్పేలా నోటికి రావాలి. తొందరలో పేజీ తిప్పుతూ వెతుక్కుంటే మిగిలిన పదిహేను సెకన్లూ ఆ వెతుకులాటకే పోతాయి.