యూట్యూబ్ టైటిల్ రాయడం, పాఠం 4: అంకె పెట్టాలా, ప్రశ్న వేయాలా?

పోయిన పాఠంలో థంబ్‌నెయిల్ మీద రాసే మాట, టైటిల్‌లో రాసే మాట ఒకటే కాకూడదని చెప్పుకున్నాం. ఈసారి టైటిల్ దగ్గరే ఆగుదాం. "5 తప్పులు", "7 చిట్కాలు" లాంటి అంకె టైటిల్స్ ఒక రకం, "ఎందుకు?", "ఎలా?", "ఏది?" అని అడిగే ప్రశ్న టైటిల్స్ ఇంకో రకం. ఏది మంచిదని నన్ను చాలామంది అడుగుతుంటారు. వీడియో చూడకుండా దానికి జవాబు చెప్పలేను, ఎందుకంటే టైటిల్ ఆకారాన్ని వీడియో ఆకారమే నిర్ణయిస్తుంది. షూటింగ్ అయ్యాక ఏదో ఒకటి తగిలిద్దాంలే అనుకునేవాళ్లకే ఇది గందరగోళం.

ముందు ఒక చిన్న పరీక్ష. మీ వీడియోలోని భాగాలను కాగితం మీద ఒక్కో లైనుగా రాసుకోండి. రెండో భాగాన్ని మూడో చోట, మూడోదాన్ని మొదటి చోట పెట్టి చదవండి. ఏమీ చెడకపోతే అది జాబితా వీడియో, అంకె నప్పుతుంది. మిద్దె తోట మొదలుపెట్టేవాళ్లు చేసే తప్పుల గురించి వీడియో చేశారనుకోండి, నీళ్లు ఎక్కువ పోయడం గురించి ముందు చెప్పినా, కుండీకి అడుగున రంధ్రం లేకపోవడం గురించి ముందు చెప్పినా నష్టం లేదు. అదే కరివేపాకు మొక్క ఎందుకు ఎదగడం లేదో ఒక్కో కారణం తీసేసుకుంటూ, వేర్లు చూసి, మట్టి చూసి తేల్చే వీడియో అయితే మధ్యలోంచి ఒక ముక్క లాగితే మిగతాది కూలిపోతుంది. అలాంటిదానికి "4 కారణాలు" అని పెడితే చూసేవాడు నాలుగో కారణానికి దూకుతాడు, అక్కడ మీరు చెప్పేది సగమే అర్థమవుతుంది, వెనక్కి రాకుండా వెళ్లిపోతాడు. (5 నుంచి 1కి దిగుతూ వచ్చే ర్యాంకింగ్ వీడియోల్లో వరుస మారిస్తే మజా పోతుంది, అయినా అంకే పెట్టాలి. దాని సంగతి వేరు.)

ఈ పరీక్ష ఒక్కటే చాలదు. రెండోది దీనికంటే ముఖ్యం: చూసేవాళ్లకు మీ జాబితా మొత్తం కావాలా, అందులో ఒక్కటే కావాలా? ఇది అర్థం కావాలంటే ఒక వీడియో పట్టుకుని చూడాలి.

గ్రో బ్యాగుల్లో మిరప పెంచేవాళ్ల కోసం 9 నిమిషాల వీడియో అనుకుందాం, విషయం ఆకు ముడత. మిరపలో ఆకు ముడవడానికి ముఖ్యంగా మూడు కారణాలుంటాయి. తామర పురుగులు రసం పీలిస్తే ఆకు అంచులు పైకి ముడుచుకుని దొప్పలా తయారవుతుంది, దీన్నే రైతులు పై ముడత అంటారు. నల్లి పడితే అంచులు కిందికి ముడుచుకుని ఆకు బోర్లించిన పడవలా కనిపిస్తుంది, కాడలు సాగుతాయి, ఇది కింది ముడత. మూడోది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. కొత్త ఆకులు చిన్నవైపోయి, ముడతలు పడి, మొక్క గిడసబారిపోతుంది, దానికి మందు లేదు, పీకేయడమే. మొదటి పరీక్ష ప్రకారం ఇది పక్కా జాబితా, మూడు కారణాలనూ ఎటు మార్చినా తేడా రాదు. కాబట్టి చాలామంది కళ్లు మూసుకుని ఇలా పెడతారు:

"మిరప ఆకు ముడతకు 3 కారణాలు"

తప్పు టైటిల్ అనను. కానీ ఈ వీడియో కోసం వెతికే మనిషిని తలచుకోండి. పొద్దున్నే మిద్దె ఎక్కాడు, మొక్క ఆకులు ముడిచి ఉన్నాయి, ఫోన్ తీశాడు. అతనికి మూడు కారణాలు అక్కర్లేదు, తన మొక్కకు వచ్చిన ఒక్కటి చాలు. అది ఏదో తెలియక కదా వెతుకుతున్నాడు, కాబట్టి కారణాల పేర్లు చూసి ఎంచుకోనూ లేడు. "3 కారణాలు" అనగానే 9 నిమిషాల పాఠం వినాలేమో అనిపిస్తుంది. ఇప్పుడు ఇది చూడండి:

"మిరప ఆకు పైకి ముడిచిందా, కిందికా?"

ఈ ప్రశ్న చదవగానే అతను మొక్క వైపు చూస్తాడు. పైకి అని తెలుసుకుంటాడు, అయితే ఏంటట అని క్లిక్ చేస్తాడు. అతని చేతిలో ఉన్న మొక్కనే అడిగింది కాబట్టి ఇది పని చేస్తుంది. చూసేవాళ్లకు ఒక్కటే కావాల్సినప్పుడు ప్రశ్న, మొత్తం కావాల్సినప్పుడు అంకె అని నేననేది ఇందుకే. ఇవే మూడు ముడతలను, ఇంకా మొక్కలు పెట్టనివాళ్లకు ముందు జాగ్రత్తగా చెప్పే వీడియో అయితే "మిరప నాటే ముందే తెలియాల్సిన 3 ముడతలు" అని హాయిగా అంకె పెట్టుకోవచ్చు, వాళ్లకు మూడూ కావాలి మరి.

ప్రశ్న టైటిల్ పెట్టారంటే జవాబు ఎప్పుడు చెబుతారన్నది తలనొప్పి. చివరిదాకా దాస్తే జనం 40వ సెకనుకే విసుగొచ్చి పోతారు, మొదట్లోనే పూర్తిగా చెప్పేస్తే పని అయిపోయిందని పోతారు. మన మిరప వీడియోలో దారి సులువే. 20వ సెకనులోపు "పైకైతే తామర పురుగు, కిందికైతే నల్లి" అని చెప్పేయండి. ఆ వెంటనే, రెండూ కలిసి కూడా వస్తాయి కాబట్టి తెల్లకాగితం మీద చిగురు దులిపి చూసి నిర్ధారించుకోండి అని చూపించండి. సన్నగా, పొడుగ్గా పాకే పురుగులు పడితే తామర పురుగులు. నల్లి ఇంకా చిన్నది, దానికి భూతద్దం కావాలి. తర్వాత దేనికి ఏం కొట్టాలో చెప్పండి: మొదటి దశలో తామర పురుగుకు లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, అందులో కాస్త సబ్బు నీళ్లు. నల్లికి లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం. జవాబు ముందే దొరికినా పరిష్కారం ఇంకా మిగిలి ఉంది కాబట్టి మనిషి ఉంటాడు. చెప్పడానికి ఆ మిగులు లేని ప్రశ్న అయితే అసలు టైటిల్‌గా పెట్టకండి.

అవును-కాదు ప్రశ్నలతో వచ్చే చిక్కు ఇదే. "కుండీలో మామిడి కాస్తుందా?" దీనికి జవాబు "అంటు మొక్క అయితే కాస్తుంది", అయిపోయింది, మిగతా 8 నిమిషాలు ఎందుకు చూడాలి? 2009లో ఇయాన్ బెటరిజ్ అనే బ్రిటిష్ పాత్రికేయుడు ఒక సూత్రం చెప్పాడు: ప్రశ్నార్థకంతో ముగిసే ఏ పత్రికా శీర్షికకైనా "కాదు" అని జవాబు చెప్పేయవచ్చని. విలేకరికి కథ మీద నమ్మకం లేనప్పుడు ప్రశ్న వేసి తప్పించుకుంటాడని ఆయన ఎత్తిపొడుపు. వీడియోలకూ ఇది వర్తిస్తుంది, జనానికి ఆ వాసన తెలుసు. అదే విషయాన్ని "మామిడి కాయాలంటే ఎంత పెద్ద కుండీ కావాలి?" అని తిప్పితే ఒక్క మాటతో పోయే ప్రశ్న కాదు.

ఇక అంకె వైపు. అంకె పెట్టడం అంటే మాట ఇవ్వడమే, 7 అంటే 7 ఉండాలి, అందులో రెండు సాగదీసినవైతే కామెంట్లలో ఉతికేస్తారు. బేసి సంఖ్య పెడితే వ్యూస్ వస్తాయన్న మాట మీరూ వినే ఉంటారు, నేనైతే దాన్ని పట్టించుకోను. వీడియో నిడివిని అంకెతో భాగించి చూడండి, అది చాలు. 9 నిమిషాల్లో 7 చిట్కాలంటే పరిచయం పోను ఒక్కోదానికి నిమిషం పైచిలుకు వస్తుంది. చేసి చూపించాల్సిన చిట్కా నిమిషంలో అవుతుందా? కాకపోతే 3కి దించండి, మిగతావి ఇంకో వీడియో. అంకె వీడియోకు చాప్టర్లు తప్పనిసరిగా పెట్టండి. జాబితా చూసేవాళ్లు ఎలాగూ దూకుతారు, దారి చూపిస్తే మన వీడియోలోనే దూకుతారు. డిస్క్రిప్షన్‌లో ఇలా రాస్తే చాలు:

```
0:00 ఈ 3 తప్పులు ఎందుకు
0:35 రంధ్రం లేని కుండీ
3:20 రోజూ నీళ్లు పోయడం
6:05 ఉత్త ఎర్రమట్టి
```

మొదటిది 0:00 అయి ఉండాలి, కనీసం మూడు ఉండాలి, ఒక్కోటి 10 సెకన్లకు తగ్గకూడదు. ఇందులో ఏది తప్పినా చాప్టర్లు రావు.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. టైటిల్‌కు పరిమితి 100 క్యారెక్టర్లు, అందులో గుణింతం, వత్తు కూడా లెక్కలోకి వస్తాయి. "ర్చి" మన కంటికి ఒక్క అక్షరం, అక్కడ నాలుగు. పైగా ఫోన్‌లో పొడుగు టైటిల్ చివర చుక్కలై పోతుంది, మన వాక్యంలో ప్రశ్న ఉండేదేమో చివర్నే. "మా ఇంటి మిద్దె మీద గ్రో బ్యాగులో పెంచుతున్న మిరప మొక్క ఆకులు ఎందుకు ముడుచుకుంటున్నాయి?" అని రాస్తే "ఎందుకు" కనపడకుండానే పోవచ్చు. "మిరప ఆకులు ఎందుకు ముడుస్తాయి?" చాలు, గ్రో బ్యాగు సంగతి థంబ్‌నెయిల్ ఎలాగూ చూపిస్తుంది. అంకెకూ అంతే, అది ముందు సగంలో పడేలా రాయండి.

రెండూ నప్పని వీడియోలు కూడా బోలెడు. గుత్తి వంకాయ ఒక్కటే వండి చూపిస్తుంటే "గుత్తి వంకాయ కూర, మసాలా నూరి చేసేది" అని పెట్టండి. "గుత్తి వంకాయ ఎలా చేయాలో తెలుసా?" అనేది ఉత్త ప్రశ్న వేషం. ప్రయోగాలు, రెండు వస్తువుల పోలిక, ఒక్క సమస్య రిపేరు, ఇవన్నీ ప్రశ్న వైపు మొగ్గుతాయి. తప్పులు, పరికరాలు, చూడదగ్గ చోట్లు, తక్కువ ఖర్చు మొక్కలు, ఇవి అంకె వైపు.

పెట్టిన టైటిల్ సరైనదో కాదో యూట్యూబ్ స్టూడియోలో చూడండి, కానీ మొత్తం క్లిక్ శాతం ఒక్కటే చూసి టెన్షన్ పడొద్దు. వీడియో కొత్త జనానికి చేరేకొద్దీ ఆ శాతం మామూలుగానే తగ్గుతుంది. ట్రాఫిక్ సోర్స్ విడదీసి, సెర్చ్‌ను సెర్చ్‌తో, హోమ్ నుంచి వచ్చినదాన్ని హోమ్‌తో పోల్చండి. తర్వాత వీడియోలో ఏ క్షణానికి ఎంతమంది మిగిలారో చూపే రిటెన్షన్ గ్రాఫ్ తెరవండి. జాబితా వీడియోలో ఒక్కో అంశం మొదలయ్యే చోట చిన్న గడ్డలు లేస్తుంటే బాగున్నట్టు, దూకినవాళ్లు అక్కడ దిగుతున్నారు. ప్రశ్న వీడియోలో జవాబు చెప్పిన క్షణానికి గీత నిట్టనిలువుగా పడిపోతే జవాబు తర్వాత మీ దగ్గర సరుకు లేదని అర్థం, దానికి టైటిల్ మార్చి లాభం లేదు. మొదటి 30 సెకన్లలోనే సగానికి పైగా పోతుంటే మాత్రం టైటిల్ అడిగింది ఒకటి, వీడియో మొదలైంది ఇంకొకటి అయి ఉంటుంది.

ఈ వారం పని: మీ ఛానల్‌లో అంకె టైటిల్ ఉన్న పాత వీడియో ఒకటి తీసుకోండి. చూసేవాళ్లకు అందులో అన్నీ కావాలా, ఒక్కటే కావాలా తేల్చుకోండి. ఒక్కటే అయితే వాళ్లు తమ వస్తువు వైపు చూసి జవాబిచ్చేలా ప్రశ్న రాసి మార్చండి. థంబ్‌నెయిల్ మాత్రం ముట్టుకోకండి, రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల తేడా వచ్చిందో తెలియదు. రెండు వారాల తర్వాత అదే ట్రాఫిక్ సోర్స్‌లో మార్పుకు ముందు, తర్వాత చూడండి. వచ్చే పాఠంలో ఆ మొదటి 30 సెకన్లు.