రోహిణి కార్తె రాకముందే ఈ మందుల సంగతి చూసుకోండి

మా తమ్ముడు మానసిక జబ్బుకు ఆరేళ్లుగా రాత్రిపూట రిస్పెరిడోన్ 4 మిల్లీగ్రాములు, వణుకు రాకుండా ట్రైహెక్సిఫెనిడిల్ 2 మిల్లీగ్రాములు వేసుకుంటున్నాడు. రెండేళ్ల కింద ఏప్రిల్ చివర్లో, నర్సంపేట దగ్గర మా మిర్చి కల్లం కాడ పొద్దంతా ఉండి సాయంత్రానికి తిక్కతిక్కగా మాట్లాడాడు. జబ్బు తిరగబెట్టిందనుకొని బాపు ఇంకో గోలీ ఇవ్వబోయాడు. నేను చెయ్యి పట్టుకుంటే ఒళ్లు పెనంలా కాలుతోంది, అంత ఎండలో తిరిగినా చెమట చుక్క లేదు. నీడకు తెచ్చి, ఒళ్లంతా తడిపి ఫ్యాన్ పెట్టి, 108కి ఫోన్ చేశాం. డాక్టర్లు వడదెబ్బ అన్నారు.

అలా ఎందుకైందో తర్వాత అర్థమైంది. మెదడులో కొన్నిచోట్ల డోపమైన్ అనే రసాయనం ఎక్కువ పనిచేస్తే లేని మాటలు వినబడతాయి, ఊరికే అనుమానాలొస్తాయి, రిస్పెరిడోన్ ఆ డోపమైన్ అందుకునే గ్రాహకాల మీద కూర్చుని ఆ జోరు తగ్గిస్తుంది. కానీ కదలికలకూ, ఒంటి వేడిని సర్దడానికీ అదే డోపమైన్ కావాలి, అందుకే కొందరికి వణుకు, బిగుసుకుపోవడం వస్తాయి, వేడి తట్టుకునే శక్తి కూడా తగ్గుతుంది. ఆ వణుక్కి ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ ఏమో చెమటనే తగ్గిస్తుంది. అది ఇంకా అవసరమేనా అని ఎండలు ముదరకముందే డాక్టర్‌ను అడగండి, మీరే మానేయకండి, అసలు మందు అయితే అస్సలు మానొద్దు.

జ్వరంతో పాటు ఒళ్లు కట్టెలా బిగుసుకుపోయి, మతి తప్పితే అది ఇలాంటి మందుల వల్ల ఏ కాలంలోనైనా రాగల న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ అనే ప్రమాదం కావచ్చు. తర్వాతి గోలీ ఇవ్వకుండా, మందుల చీటీ పట్టుకొని వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. మతి లేనివాళ్లకు నోట్లో నీళ్లు పోయకండి.

ఇంకో పొరపాటు దాహం దగ్గర జరుగుతుంది. రిస్పెరిడోన్ జాతివే అయిన ఒలాంజపైన్, క్లోజపైన్ లాంటి మందులు బరువు, షుగర్ బాగా పెంచగలవు, మాటిమాటికీ దాహం, మూత్రం అవుతుంటే ఎండాకాలం కదా అని వదిలేస్తాం. మందు మొదలుపెట్టేముందే బరువు, నడుము కొలత, బీపీ, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్ రాసిపెట్టుకోవాలి. మొదటి మూడు నెలలు నెలనెలా బరువు చూడాలి, మూడో నెలలో రక్తపరీక్షలు, తర్వాత కనీసం ఏడాదికోసారి. 60 కిలోల మనిషి 63 దాటితే మందు మార్చాలా అని డాక్టర్‌తో మాట్లాడాల్సిందే. క్లోజపైన్‌కైతే మొదట్లో వారం వారం తెల్లకణాల లెక్క కూడా చూడాలి, గొంతునొప్పి, జ్వరం వస్తే అదే రోజు పరీక్ష చేయించాలి.

ఆర్నెల్లకోసారి ఎదురుగా కూర్చోబెట్టి నాలుక, పెదాలు, వేళ్లు చూడండి. ఊరికే నమిలినట్టు, చప్పరించినట్టు కదులుతుంటే ఫోన్‌లో వీడియో తీసి డాక్టర్‌కు చూపించండి, ఏళ్లతరబడి వాడినవాళ్లలో వచ్చే ఈ కదలికలు ముదిరితే పూర్తిగా పోకపోవచ్చు. మా వాడికి నాలుక చివర మొదలవుతుంటే అలాగే దొరికింది.