నార్మ్ మార్చాక కదిలిన గ్రేడియంట్ డిసెంట్

అమీర్‌పేటలోని గదిలో గ్రేడియంట్ డిసెంట్‌తో రాత్రంతా నడిపినా నా లీస్ట్ స్క్వేర్స్ లెక్క తెల్లవారేసరికి తేలలేదు. దోషం తగ్గుతోంది, కానీ నత్తనడకన. డేటా స్కేలింగ్, ప్రారంభ విలువలు మార్చినా ఫలితం లేదు.

చివరికి అడుగు పరిమాణం చూశాను. నా మాత్రిక A అయితే, దాన్ని 1/‖A‖² అని పెట్టాను, కానీ `np.linalg.norm(A)` ఇచ్చేది ఫ్రొబీనియస్ నార్మ్. 100×100 ఐడెంటిటీ మాత్రిక ఇచ్చి చూస్తే 10 వచ్చింది. ఆ మాత్రిక ఏ వెక్టరునూ సాగదీయదు కదా! ఫ్రొబీనియస్ అన్ని మూలకాల వర్గాలనూ కూడి వర్గమూలం తీస్తుంది. నాకు కావలసింది వెక్టరు గరిష్ఠంగా ఎన్ని రెట్లు సాగుతుందన్నది, అంటే ఆపరేటర్ నార్మ్.

```
L = np.linalg.norm(A, 2)**2
step = 1 / L
```

ఐడెంటిటీకి ఇప్పుడు 1 వచ్చింది. నా మాత్రికకు అడుగు దాదాపు 40 రెట్లు పెరిగి, లెక్క నిమిషాల్లో తేలింది. అందరికీ ఇలాగే అవుతుందనలేను. ర్యాంకు ఒకటికి దగ్గరైన మాత్రికలో రెండు నార్మ్‌లూ దాదాపు సమానం కాబట్టి అక్కడ ఈ మార్పుతో ఒరిగేదేమీ ఉండదు.