లేజర్ ప్రింటర్ లోపల తుడవబోతున్నారా? ముందు ఆ బ్లోయర్ పక్కన పెట్టండి

పోయిన వారం మా ఊళ్లో కాలేజీ దగ్గర నెట్ సెంటర్ నడిపే అబ్బాయి ఫోన్ చేశాడు. "అన్నా, అడ్మిషన్ల రద్దీ మొదలవుతుంది కదా అని నిన్న ప్రింటర్‌కి శుభ్రంగా గాలి కొట్టాను. ఇవాళ ప్రతి కాగితం మీదా పై నుంచి కింద దాకా తెల్లటి గీత పడుతోంది. కార్ట్రిడ్జ్ పోయిందంటావా?"

"గాలి దేంతో కొట్టావు?" అన్నాను.

"కంప్యూటర్ల దుమ్ము దులిపే బ్లోయర్ ఉంది కదా, దాంతోనే."

మిగతా సంగతి వినక్కర్లేకపోయింది. ప్రతి జూన్‌లో ఈ ఫోన్ కనీసం ఇద్దరు ముగ్గురి నుంచి వస్తుంది. అందుకే ఈసారి ముందే రాస్తున్నాను. స్విచ్ ఆపాలి, ప్లగ్ తీయాలి లాంటివి మీకు తెలుసు, వాటి జోలికి పోను. చెప్పదలుచుకున్నది ముఖ్యంగా ఒక్కటే. లేజర్ ప్రింటర్ లోపలికి గాలి ఊదకండి. బ్లోయర్‌తో వద్దు, గాలి డబ్బాతో వద్దు, నోటితో కూడా వద్దు.

సీపీయూకి గాలి కొడితే దుమ్ము బయటికి పోతుంది. ప్రింటర్‌లో ఉన్నది దుమ్ము ఒక్కటే కాదు. టోనర్ అంటే నల్లరంగు కలిపిన ప్లాస్టిక్ పొడి. ఒక్కో రేణువు 5 నుంచి 10 మైక్రాన్లు, అంటే మన వెంట్రుక మందంలో దాదాపు పదో వంతు. గాలి తగిలితే అది పొగలా లేస్తుంది. మీకు కనిపించేది బయటికి వచ్చిన పొగ. లోపలికి పోయింది మాత్రం లేజర్ యూనిట్ సందులోకి, టోనర్‌ని కరిగించి కాగితానికి అతికించే ఫ్యూజర్ మీదికి, సెన్సర్ల కళ్లలోకి, పవర్ బోర్డు మీదికి చేరుతుంది. కాగితం పీచు కూడా దాంతోపాటే పోతుంది. అంతవరకు కాగితాన్ని లాగే పికప్ రోలర్ దగ్గర, చెయ్యి పెట్టి తుడవగలిగిన చోట ఉన్న చెత్తను, చెయ్యి పట్టని చోటికి మనమే పంపించినట్టు.

ఆ అబ్బాయి ప్రింటర్ దగ్గరికి వెళ్లి చూశాను. గీత కాగితం ఎడమ అంచు నుంచి రెండు వేళ్ల దూరంలో ఉంది. పది కాగితాలు తీస్తే పదింటిలోనూ సరిగ్గా అక్కడే పడింది. ఇలాంటి తెల్లగీతకు రెండు కారణాలు ఉండొచ్చు. కార్ట్రిడ్జ్‌లో ఒకచోట టోనర్ అందకపోవచ్చు, లేదా లేజర్ కిరణం తను బొమ్మ గీసే డ్రమ్ దాకా వచ్చే దారిలో ఏదో అడ్డం పడి ఉండొచ్చు. పక్క మెషీన్‌దీ అదే మోడల్ కాబట్టి దాని కార్ట్రిడ్జ్ తీసి ఇందులో పెట్టాను. గీత కదల్లేదు. ఇక లేజర్ యూనిటే. విప్పి చూస్తే దాని పొడవాటి సన్నని అద్దం మీద టోనర్ పల్చగా పరుచుకుని ఉంది. ఎడమ వైపు ఒకచోట మాత్రం కాగితం పీచు పోగు అతుక్కుని, దాని చుట్టూ పొడి పేరుకుపోయింది. ఆ పోగు నా చిటికెన వేలి గోరు వెడల్పు కూడా లేదు. కిరణం అక్కడ ఆగిపోతుంది, డ్రమ్ మీద ఆ చోట బొమ్మ పడదు, కాగితం మీద తెల్లగా మిగులుతుంది. లోపల గిర్రున తిరిగే చిన్న అద్దం మీద కూడా పొడి పడింది. అద్దాలు తుడిచినా అక్షరాలు మునుపటంత నల్లగా రాలేదు. చివరికి పాత మెషీన్ నుంచి తీసిన యూనిట్ వేయాల్సి వచ్చింది. బ్లోయర్ ఎత్తకుండా ఉంటే ఐదు నిమిషాల్లో అయిపోయే తుడుపు పని అది.

ఇక అసలు తుడవాల్సింది ఎక్కడో చెబుతాను. కార్ట్రిడ్జ్, ట్రే రెండూ బయటికి తీసి టార్చ్ వేసి చూడండి. తెల్లగా, బూడిద రంగులో మెత్తగా కనిపించేది కాగితం పీచు. నల్లగా ఉన్నది టోనర్. తెల్లది పేరుకోవడం మామూలే, చవక కాగితమైతే ఇంకా ఎక్కువ రాలుతుంది. నల్లది ఎక్కువగా ఉందంటే కార్ట్రిడ్జ్ కారుతోందన్నమాట. అది బాగు చేయించకుండా ఎన్నిసార్లు తుడిచినా వారంలో మళ్లీ మొదటికే.

పీచు ఎక్కువగా చేరేది పికప్ రోలర్ మీద, దానికి ఎదురుగా ఉండే సెపరేషన్ ప్యాడ్ మీద, కార్ట్రిడ్జ్ కూర్చునే గుంటలో. ఒక అంగుళం మెత్తని పెయింట్ బ్రష్ తీసుకోండి, కొత్తదై ఉండాలి. రెండో చేతిలో నీళ్లు పిండేసిన మెత్తటి గుడ్డ పట్టుకోండి. బ్రష్‌తో లోపలి నుంచి మీ వైపుకే లాగుతూ, రాలిన దాన్ని గుడ్డతో అద్దుకోండి. ఎదురు దిశలో తోయకండి, అటు వైపే ఫ్యూజర్ ఉంటుంది. గుడ్డ పాత బనియన్ ముక్క అయితే అదే పీచు రాలుస్తుంది. కళ్లద్దాలు తుడిచే రకం మేలు.

పికప్ రోలర్‌ని తడి గుడ్డతో పట్టుకుని చుట్టూ తిప్పుతూ తుడవండి. మంచినీళ్లు చాలు. గుడ్డకు బూడిద రంగు మరక అంటుతుంది, రబ్బరు మీద ఉన్న నున్నటి మెరుపు పోతుంది. ప్యాడ్‌ని కూడా అలాగే. పది నిమిషాలు ఆరనివ్వండి. కాగితం లాగకపోవడం, రెండేసి లాగడం చాలావరకు దీంతోనే తగ్గుతాయి. కొందరు రోలర్‌ని గరుకు కాగితంతో రుద్దుతారు. వారం రోజులు బ్రహ్మాండంగా లాగుతుంది, ఆ తర్వాత రబ్బరు అరిగి అసలే లాగదు.

ఇవి మీ చేతి పనులు. ఇక్కడితో మీ హద్దు అయిపోయింది. లోపల కనిపించే మిగతావన్నీ చూడటానికే, ముట్టుకోవడానికి కాదు.

డ్రమ్: ఆకుపచ్చగానో నీలంగానో అద్దంలా మెరుస్తుంది. ముట్టుకోకండి. వేలి జిడ్డు అంటిన చోట ఛార్జ్ సరిగ్గా నిలవదు, ఆ మరక ప్రతి కాగితం మీదా ఒకే దూరంలో మళ్లీ మళ్లీ పడుతుంది. 24 మిల్లీమీటర్ల డ్రమ్ అయితే దాదాపు 75 మిల్లీమీటర్లకు ఒకసారి. స్కేలు పెట్టి కొలిస్తే దొరికిపోతుంది. వెలుతురు కూడా దీనికి పడదు. కార్ట్రిడ్జ్ బయటికి తీయగానే నల్లగుడ్డలో చుట్టి సొరుగులో పెట్టండి. "ఐదు నిమిషాలే కదా" అని కిటికీ పక్కన పెట్టకండి.

ట్రాన్స్‌ఫర్ రోలర్: కార్ట్రిడ్జ్ కింద ఉండే నల్లటి స్పాంజి. పికప్ రోలర్ లాంటిదే అనుకుని దీన్ని కూడా తడి గుడ్డతో తుడిచేసిన వాళ్లున్నారు. పొడి గుడ్డతో కూడా వద్దు. నీరు గానీ, చేతి చెమట గానీ అంటితే ఆ చోట టోనర్ కాగితం మీదికి సరిగ్గా దిగదు, ముద్రణ మచ్చలు మచ్చలుగా వస్తుంది.

ఫ్యూజర్: కాగితం బయటికొచ్చే వైపు ఉంటుంది. పని చేసేటప్పుడు దాదాపు 200 డిగ్రీల దాకా కాగుతుంది. స్విచ్ ఆపాక కనీసం అరగంట ఆగండి. చల్లారాక కూడా లోపల చెయ్యి పెట్టకండి. చాలా చిన్న ప్రింటర్లలో అక్కడ ఉండేది పల్చటి గొట్టం లాంటి పొర, మెకానిక్‌లు టెఫ్లాన్ అంటారు. బ్లేడుతోనో స్క్రూడ్రైవర్‌తోనో గీకితే చిరుగుతుంది. ఇరుక్కున్న కాగితాన్ని రెండు చేతులతో, అది వెళ్లే దిశలోనే నెమ్మదిగా లాగండి. చిరిగి ముక్క లోపల ఉండిపోతే మెకానిక్‌ని పిలవండి.

లేజర్ యూనిట్: నేను విప్పాను కదా అని మీరు విప్పకండి. మూత తెరిచినా ప్రింటర్ ఆగకుండా డోర్ స్విచ్‌లో పుల్ల గుచ్చి చూసేవాళ్లుంటారు. చాలా ప్రింటర్లలో లేజర్ కిరణం కంటికి కనిపించదు. కనిపించదు కాబట్టి రెప్ప కూడా పడదు, ఈలోపు చూపు దెబ్బతింటుంది. పుల్ల తీసి అవతల పారేయండి.

ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనర్ దీనికి పెట్టకండి. టోనర్ దాని సంచీ గుండా వచ్చి గదంతా పరుచుకుంటుంది. టోనర్‌కని ప్రత్యేకంగా వచ్చే వ్యాక్యూమ్ వేరు, అది మెకానిక్ దగ్గర ఉంటుంది.

శానిటైజర్ వద్దు. పెట్రోల్ వద్దు. థిన్నర్ వద్దు. ఏ స్ప్రే అయినా సరే, లోపలికి కొట్టొద్దు. గాలి డబ్బాల్లో కొన్నిటిలో మండే వాయువు ఉంటుంది, పక్కనే వేడి ఫ్యూజర్ ఉంటుంది.

బంగారు రంగు కాంటాక్ట్‌లు, చిప్ ముట్టుకోకండి.

పళ్ల చక్రాలకు నూనె వేయకండి. కుట్టుమిషన్ నూనె అయినా సరే.

కాగితం కట్టని ప్రింటర్ మీద విదిలించకండి. దూరంగా వెళ్లి విదిలించి తెచ్చి ట్రేలో పెట్టండి. తెరిచిన రీమ్‌ని వానాకాలంలో బయట వదలకండి, చెమ్మ పట్టిన కాగితాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఇరుక్కుంటాయి.

టోనర్ నేల మీద ఒలికితే చీపురు పట్టకండి. తడి గుడ్డతో ఎత్తండి. చేతికి, చొక్కాకి అంటితే చన్నీళ్లే వాడండి. వేడినీళ్లు పోస్తే ప్లాస్టిక్ కరిగి మరక ఉండిపోతుంది.

ఎత్తిన టోనర్‌ని పొయ్యిలో, చెత్తమంటలో వేయకండి, భగ్గుమంటుంది. కవర్‌లో వేసి మూతి కట్టి పారేయండి.

మాస్క్ పెట్టుకోండి. పిల్లల్ని గదిలోంచి పంపించేయండి. ఫ్యాన్ ఆపండి. ఫ్యాన్ కూడా గాలే కదా.

ఇదంతా చదివాక కూడా ఎవరో ఒకరు అడుగుతారు, "కార్ట్రిడ్జ్ తీసేశాక కొంచెం ఊదొచ్చా?" అని. ఊదకండి. కార్ట్రిడ్జ్ తీసినా దాని గుంటలో టోనర్ ఉంటుంది, ఎదురుగా అదే అద్దం ఉంటుంది. నోటితో ఊదితే దాంతోపాటు తడి కూడా పోతుంది. ఆ అబ్బాయికి బ్లోయర్ తీసుకెళ్లి కీబోర్డులకు వాడుకోమన్నాను. ప్రింటర్ పక్కన మేకుకి ఇప్పుడు బ్రష్, మెత్తటి గుడ్డ వేలాడుతున్నాయి.